బీరువాలో చెవులు

మా ఇంట్లో బీరువా పై అరలో పట్టుపంచె ఉంటుంది. దాని పక్కన కర్పూరం పొట్లం, ఆ పక్కన రెండు వారాల పాటు నా చెవులు ఉన్నాయి. మా ఆవిడ గాజుల జత ఖరీదు చేసే చెవులు. బొటనవేలు గోరంత మిషన్లు రెండు, ఎర్ర గుర్తుది కుడికి, నీలం గుర్తుది ఎడమకి. వాటిని నేను పట్టుపంచెతో సమానంగా గౌరవించాను. పెళ్ళికో పేరంటానికో తీసి తొడుక్కుని, ఇంటికి రాగానే మడత పెట్టేసేవాణ్ణి. నా ఘనకార్యం అదీ.

ముప్పై మూడేళ్ళు తెలుగు పండితుడిగా చేసి రిటైరైన వాణ్ణి. మైకు లేకుండా స్కూలు మైదానం చివరిదాకా వినపడేలా పద్యం చదివేవాణ్ణి. తెనాలిలో అదొక పెద్ద విశేషం కాదు, వీధికో నాటకాల రాయుడు ఉన్న ఊరు. అయినా నా గొంతు మీద నాకున్న గర్వం తక్కువది కాదు. అరవై ఐదు దాటాక అవతలివాళ్ళ మాట సగమే అందటం మొదలైంది. "ఈ కాలం పిల్లలు నోరు తెరిచి మాట్లాడరు" అని మూడేళ్ళు నెట్టుకొచ్చాను. ఆ మూడేళ్ళ సంగతి చెప్పుకుంటే కొత్తేమీ ఉండదు, వదిలేస్తాను.

చివరికి గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకున్నాం. ఆడియాలజిస్టు అమ్మాయి నా మనవరాలి కంటే పదేళ్ళు పెద్దదేమో. కాగితం మీద గీసిన గీత చూపించింది. ఎడమవైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, గీత దాదాపు సమంగా ఉంది. కుడివైపు కీచు శబ్దాల దగ్గరికి వచ్చేసరికి మేడ మెట్లు దిగినట్టు దిగిపోయింది. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర 70 డెసిబెల్స్ లోతులో ఉంది.

"మాస్టారూ, మీకు అచ్చులు బాగానే వినపడుతున్నాయి. పోయినవి హల్లులు" అంది. "స, శ, త, క, ప లాంటివన్నీ ఈ కుడి పక్కన ఉంటాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడాడో తెలియదు."

తెలుగు పండితుడికి ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పగలరు? కప్పు, పప్పు, తప్పు, ఈ మూడూ నాకు ఒకటే మాటగా వినపడుతున్నాయన్నమాట. అంతకు ముందురోజే మా ఆవిడ "కప్పు కడిగారా" అంటే "పప్పు నువ్వే కదా కడిగేది" అని కసురుకున్నాను.

మిషన్లు తొడిగి, ఒక కాగితం రాసిచ్చింది. మొదటి రోజు పొద్దున గంట, సాయంత్రం గంట. ఇంట్లోనే, ఫ్యాను తప్ప వేరే చప్పుడు లేని గదిలో, ఎదురుగా ఒక్క మనిషి. తరవాత రోజుకో గంట పెంచుకోవాలి. రెండో వారంలో టీవీ, మూడో వారంలో బజారు, అన్నిటికన్నా చివర పెళ్ళిళ్ళు. కొందరు మొదటి రోజు నుంచే రోజంతా పెట్టుకుని తట్టుకుంటారనీ, నేను చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చాను కాబట్టి నాకు ఇలా మెల్లిగా రాస్తున్నాననీ చెప్పింది. కావలసినంత శబ్దం కూడా ఇప్పుడే ఇవ్వటం లేదనీ, అలవాటైన కొద్దీ కంప్యూటరులో పెంచుతాననీ అంది.

ఆ కాగితం బీరువా సొరుగులో పెట్టేశాను. నా తర్కం నాది. ఇంట్లో కొత్తగా వినవలసింది ఏముంది? నలభై రెండేళ్ళుగా అదే గొంతు, అవే మాటలు. సగం విన్నా మిగతా సగం నేనే పూరించుకోగలను. వినవలసింది బయట. పైగా బ్యాటరీ బిళ్ళలు వారానికోసారి మార్చాలట, దేనికి దండగ? ఇంట్లో తీసి పెడితే ఆదా.

ఆ ఆదా సంగతి కూడా చెప్పేస్తాను. బటానీ గింజంత బిళ్ళలు, ఒక్కోదాని మీద గోధుమరంగు స్టిక్కరు. అట్టకి ఆరు ఉంటాయి. ప్రతిసారీ గోళ్ళతో ఆ స్టిక్కరు పీకటం కష్టమని ఒకరోజు తీరిగ్గా కూర్చుని ఆరింటికీ ఒకేసారి పీకి, అగ్గిపెట్టెలో పోసి ఉంచాను. ఆ బిళ్ళ గాలి పీల్చి పనిచేస్తుందట. స్టిక్కరు తీసిన క్షణం నుంచి గాలి లోపలికి వెళ్తుంది. మిషనులో వేసినా వేయకపోయినా దాని ఆయుష్షు తరిగిపోతూనే ఉంటుంది. మళ్ళీ స్టిక్కరు అంటించినా నిలవదు. నేను చెవులు బీరువాలో పెట్టి ఆదా చేస్తుంటే బిళ్ళలు అగ్గిపెట్టెలో కూర్చుని చచ్చిపోయాయి.

నాలుగో రోజు మా తోడల్లుడి మనవడి పెళ్ళి. పొద్దున ఎనిమిదింటికి పట్టుపంచె, చెవులు, రెండూ తొడుక్కుని బయల్దేరాను. మండపంలో అడుగుపెట్టగానే నా నెత్తి మీద ఎవరో స్టీలు సామాన్ల కొట్టు బోర్లించినట్టయింది. కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు, పట్టుచీరల గరగర, వంటశాలలో గరిటెలు, మైకులో పురోహితుడు, ఆయన మీద వీడియోవాడి కేకలు. అన్నీ ఒకే ఎత్తులో వచ్చిపడ్డాయి. ఏది దగ్గరిదో ఏది దూరానిదో తెలియలేదు. గట్టిమేళం మొదలయ్యేసరికి కళ్ళు మూసుకున్నాను, చెవులు మూసుకునే వీలు లేక. పక్కనున్నాయన "అమ్మాయికి అమెరికాలో ఉద్యోగం" అన్నాడట, నేను "అవును, మా ఆవిడకి కూడా అదే మోకాలు" అన్నానట. పన్నెండింటికి నుదురు బిగుసుకుపోయి, మెడ నరాలు లాగి, ఇక నా వల్ల కాలేదు. రెండూ పీకి జుబ్బా జేబులో వేసుకుని పంక్తిలో కూర్చున్నాను.

బిళ్ళ ఉన్న చిన్న తలుపు తెరిస్తేనే మిషను ఆగుతుంది. ఆ సంగతి మరిచాను. జేబులో మైకూ స్పీకరూ ఒకదానికొకటి ఆనుకుని ఉంటే, స్పీకరు లోంచి వచ్చిన శబ్దమే మైకులోకి వెళ్ళి, పెద్దదై, మళ్ళీ వెళ్ళి, కీచుమని ఈల మొదలవుతుంది. పంక్తిలో అందరూ తమ సెల్‌ఫోన్లు తీసి చూసుకున్నారు. వడ్డించేవాడు పప్పు గిన్నె పట్టుకుని నిలబడిపోయాడు. ఒకాయన వంగి బల్ల కింద చూశాడు. నేను మాత్రం నిశ్చింతగా వంకాయ కూర కలుపుకుంటున్నాను. ఆ ఈల సరిగ్గా నా గీత మెట్లు దిగిపోయిన చోటిది. మండపంలో అది వినపడనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంటికొచ్చాక మా ఆవిడ చెబితే తెలిసి, అవమానం ముంచుకొచ్చింది. తప్పు మిషనుదే అనుకున్నాను. చెవి లోపలికి వెళ్ళే మెత్తటి రబ్బరు టోపీకి చుట్టూ కన్నాలున్నాయి. ఆ కన్నాల్లోంచే శబ్దం కారి ఈల వస్తోందని తేల్చాను. పెట్టెలో వేరే సంచీలో కన్నాలు లేని టోపీలు కూడా ఉన్నాయి. అవి తొడిగాను. బిగువుగా, సీసాకి బిరడా పెట్టినట్టు కూర్చున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను. నోరు తెరిచి "ఏవోయ్" అన్నాను.

ఆ గొంతు నాది కాదు. ఎవరో బిందెలో తల దూర్చి మాట్లాడుతున్నట్టుంది. "ఇదేంటి" అన్నాను, 'ఇ' దగ్గర పుర్రె అంతా మోగింది. అప్పడం కొరికితే తల లోపల పెంకులు విరిగాయి. మంచినీళ్ళు మింగితే నూతిలో చేద పడింది. పది నిమిషాలు అద్దం ముందు నిలబడి వాటిని మళ్ళీ బీరువాకి సమర్పించాను.

తొమ్మిదో రోజు మా పాత హెడ్‌మాస్టారి సన్మానం. అదే టోపీలతో వెళ్ళాను. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. మైకు ఎందుకని పక్కకి తోసేశాను, అలవాటు కదా. "సభాసరస్వతికి" అనేసరికి నా తలలో గుళ్ళో గంట మోగింది. మరీ అరుస్తున్నానేమోనని గొంతు తగ్గించాను. ఇంకా మోగింది. ఇంకా తగ్గించాను. నాకు హాయిగా వినపడే స్థాయికి వచ్చేసరికి చివరి వరసలోంచి నా పాత శిష్యుడొకడు లేచి, "వినపట్టంలేదు మాస్టారూ!" అని అరిచాడు. స్కూలు మైదానం చివరిదాకా పద్యం వినిపించినవాణ్ణి, నలభై మంది ఉన్న హాల్లో.

పద్నాలుగో రోజు గుంటూరులో మళ్ళీ చూపించుకోవాలి. దారిపొడుగునా మా ఆవిడకి పాఠం చెప్పాను, "రోజంతా పెట్టుకుంటున్నారనే చెప్పు" అని. ఆమె కిటికీ లోంచి పొలాలు చూసింది తప్ప జవాబివ్వలేదు.

"ఎలా ఉంది మాస్టారూ, రోజుకి ఎన్ని గంటలు పెట్టుకుంటున్నారు?"

"పొద్దస్తమానం ఉంటాయమ్మా. అయినా లాభం లేదు. గొంతు బొయ్యిమంటోంది, తలనొప్పి. మిషనే బాగాలేదు."

ఆ అమ్మాయి మిషన్లని కంప్యూటరుకి కలిపింది. తెర నా వైపు తిప్పింది. అందులో 0.8 అని ఉంది. రోజుకి సగటున 0.8 గంటలట, అంటే ముప్పావు గంట చిల్లర. అదీ ఎక్కువ భాగం గోలలో గడిచినట్టు రంగు గీతలతో సహా ఉంది. ఈ మిషన్లు ఎన్ని గంటలు పనిచేసిందీ, చుట్టూ ఎలాంటి చప్పుడు ఉందీ తమలో తామే రాసుకుంటాయట. నాకెవరూ చెప్పలేదు. చెబితే తలుపు మూసి బీరువాలో మోగనిచ్చేవాణ్ణేమో, అది వేరే సంగతి. హాజరు పట్టీలో దొంగ సంతకం పెట్టి పట్టుబడిన పిల్లాడిలా తల వంచుకున్నాను. ఇన్‌స్పెక్షనుకి వచ్చిన డి.ఇ.ఓ. ముందు కూడా నేనలా వంచలేదు.

ఆ అమ్మాయి కోప్పడలేదు. "గొంతు సంగతి ముందు చూద్దాం" అని, మిషన్లు చెవుల్లో ఉండగానే రెండింటినీ ఆపేసింది. "ఇప్పుడు 'ఈ' అనండి."

"ఈ..." అన్నాను. మిషను ఆగి ఉంది. అయినా బొయ్యిమంది.

"'ఆ' అనండి."

'ఆ' కొంచెం నయం. 'ఊ' మళ్ళీ బొయ్యి.

"ఆపేసినా మోగుతోందంటే అది మిషను చేస్తున్నది కాదు, బిరడా చేస్తున్నది" అంది. మన గొంతు ఎముకల గుండా కూడా చెవి గొట్టంలోకి వస్తుందట. మామూలుగా ఆ బొంగురు భాగం చెవి రంధ్రం లోంచి బయటికి పోతుంది. రంధ్రం మూసేస్తే పోయే దారిలేక లోపలే తిరుగుతుంది. చూపుడువేళ్ళు రెండు చెవుల్లో పెట్టుకుని 'ఈ' అని చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. నోరు ఎక్కువ మూసుకునే 'ఈ', 'ఊ' దగ్గర మోత ఎక్కువ, నోరంతా తెరిచే 'ఆ' దగ్గర తక్కువ. వర్ణోత్పత్తి స్థానాలు ముప్పై మూడేళ్ళు పాఠం చెప్పినవాడికి ఈ ముక్క చెవిలో బిరడా పెట్టుకున్నాక తెలిసింది.

కన్నాల టోపీలు మళ్ళీ తొడిగింది. బొంగురు శబ్దాలు నాకు బాగానే వినపడతాయి కాబట్టి రంధ్రం తెరిచి ఉంచటమే నాకు సరైనదట. బిందె పోయింది. కానీ గొంతు ఇంకా కొత్తగానే ఉంది, రేకు డబ్బా మీద గులకరాళ్ళు వేసినట్టు. మళ్ళీ ఆపేసింది, అది కూడా పోయింది. "చూశారా, ఇది మాత్రం మిషను వల్ల. మీ గొంతులోని స, త, కలు మీకే చాలా ఏళ్ళ తరవాత వినపడుతున్నాయి. దీనికి నేను చేసేది తక్కువ. రోజూ పావుగంట పైకి చదవండి, మూడు వారాల్లో మీ గొంతు మీకు తిరిగొస్తుంది." ఆపి చూడటం అన్న చిన్న కిటుకుతో రెండు జబ్బుల్నీ విడదీసేసింది.

"మరి ఇంట్లో ఎందుకమ్మా?" అని అప్పుడడిగాను, సిగ్గు విడిచి.

"పెళ్ళిలో వంద చప్పుళ్ళు ఒకేసారి వస్తాయి. ఏది ఏమిటో తేల్చుకునే వ్యవధి ఉండదు. ఇంట్లో ఒక్కొక్కటే వస్తుంది. ఎక్కణ్ణించో లేచి వెళ్ళి చూసుకోవచ్చు. ఒకసారి తెలిస్తే రెండోసారి బుర్ర దాన్ని పట్టించుకోదు. పట్టించుకోకపోవటం కూడా నేర్చుకోవాలి కదా మాస్టారూ."

మర్నాటి నుంచి కాగితం ప్రకారం. పొద్దున తొమ్మిది నుంచి పది, సాయంత్రం నాలుగు నుంచి ఐదు. మొదటి గంటంతా దొంగని పట్టేవాడిలా ఇల్లు తిరిగాను. ఎక్కడో 'గుర్ర్' మంటోంది. "ఫ్రిజ్జండీ." ఎక్కడో టక్, టక్. "కొళాయి. ఆర్నెల్ల నుంచీ బాగుచేయించమని చెబుతున్నా." నేను నడిస్తే ఎవరో వెనకాల చర్రుచర్రున వస్తున్నారు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు, నా హవాయి చెప్పులే. పేపరు విప్పితే ఎండుటాకుల మీద నడిచినట్టుంది. తిరగమోతలో ఆవాలు చిటపటలాడుతుంటే వంటింటి గుమ్మం దగ్గర నిలబడిపోయాను. అవి చిట్లటం చూస్తూనే ఉన్నాను ఇన్నేళ్ళూ, వినటం మానేశానని తెలియలేదు.

ఆరో రోజుకి ఏడు గంటలు పెట్టుకునే దాకా వచ్చాను. మధ్యాహ్నం కూర్చున్నవాణ్ణి గబుక్కున లేచి, "కరెంటు పోయిందే" అన్నాను. ఫ్యాను తిరుగుతోంది. ఫ్రిజ్జు దగ్గరికి వెళ్ళి చెయ్యి ఆనించాను, ఆడుతోంది. చప్పుడు ఆగలేదు, నేను వినటం ఆపాను. వంగి చెవి దగ్గర పెట్టి వింటే గుర్రుమని ఉంది. లేచి వచ్చేస్తే లేదు. పెళ్ళి పందిట్లో వెయ్యేళ్ళు కూర్చున్నా ఇది జరిగేది కాదు.

అలసట మాత్రం నిజం. ఐదో రోజు నుంచి పదో రోజు దాకా మధ్యాహ్నం మూడయ్యేసరికి పబ్లిక్ పరీక్షల పేపర్లు ఒక కట్ట దిద్ది లేచినట్టుండేది. నొప్పి కాదు, నుదుటి లోపల బరువు. ఆవులింతలు, ఊరికే చిరాకు. మనవరాలు "తాతయ్యా" అని పిలిస్తే "ఏంటీ" అని కరిచేవాణ్ణి. అప్పుడు తీసి, తలుపు తెరిచి పెట్టి, అరగంట నడుం వాల్చి, లేవగానే మళ్ళీ పెట్టుకోవటం. అలసిపోతే తీయవచ్చు, చప్పుడు నచ్చలేదని మాత్రం తీయకూడదు అని ఆ అమ్మాయి చెప్పిన తేడా నాకు మొదట్లో అర్థం కాలేదు. తిరగలి చప్పుడైనప్పుడల్లా తీస్తూ పోతే తిరగలికి ఎప్పటికీ అలవాటు పడం. ఇలాంటి అలసట రోజురోజుకీ తగ్గాలి. నాకు పన్నెండో రోజుకి చాలావరకు పోయింది. చెవి లోపల పుండులా నొప్పి, ఎరుపు ఉన్నా, ఏదైనా చప్పుడుకి ఒళ్ళు జలదరించినా ఓర్చుకోవద్దనీ, తన దగ్గరికే రావాలనీ చెప్పింది. నాకు స్టీలు కంచం కింద పడితే కళ్ళు గట్టిగా మూసుకుపోయేవి. ఫోను చేసి వెళితే పెద్ద చప్పుళ్ళ పైమెట్టు ఒకటి కిందికి దించింది. ఆ తరవాత కంచం కంచంలాగే పడుతోంది.

రెండో వారంలో టీవీ. వార్తల ఛానెళ్ళలో నలుగురు ఒకేసారి అరుచుకునే చర్చ నాకు అర్థం కాలేదు. మిషన్లు లేని మా అబ్బాయికీ అర్థం కాలేదని తెలిసి ఊరట పొందాను. మూడో వారంలో కూరగాయల బజారు. బేరం చేసుకోగలిగాను. పెళ్ళి మండపం మాత్రం ఇప్పటికీ పరీక్షే. మాట్లాడే మనిషికి ఎదురుగా, గోడకి వీపు పెట్టి కూర్చుంటే నూటికి అరవై మాటలు అందుతాయి. చెవులు బాగున్న రోజుల్లో మాత్రం గట్టిమేళంలో ఏం విన్నాను కనక.

నెల తిరిగాక మళ్ళీ గుంటూరు. తెర మీద ఈసారి 11.2. నేను అడగకుండానే మా ఆవిడ తొంగి చూసింది. "ఏమైనా ఇబ్బందులా?" అంటే ఒకటుందన్నాను. రోజూ పావుగంట పద్యాలు చదువుతున్నాను, గొంతు నాదిలాగే ఉంది, కానీ 'స' వచ్చిన ప్రతిచోటా మిషను సన్నగా ఈల వేస్తోంది.

ఆ అమ్మాయి టోపీలు తీసి చూసింది, గుబిలి లేదు. సరిగ్గా కూర్చున్నాయా అని చూసింది, కూర్చున్నాయి. తనే "సరస్వతి, సీతాఫలం, సముద్రం" అంది. "ఈల వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు మీరనండి."

"సరస్వతి" అన్నాను. వచ్చింది.

రెండు మిషన్లూ తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ అనమంది. అన్నాను, ఈసారి నాకేమీ వినపడలేదు. తను మాత్రం నవ్వు ఆపుకుంటూ నా నోటి వంక చూసి, "మాస్టారూ, పై పళ్ళు మీవేనా?" అని చాలా గట్టిగా అడిగింది.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "కట్టించుకున్నవేనమ్మా. మూడేళ్ళ నుంచీ 'స' అంటే ఈలే. సన్మానంలో కూడా వేశారు. పాపం, ఎవరు చెబుతారు చెప్పు."